ఓఎల్‌ఈడీ టీవీకి త్రీడీ లట్: ఎన్ని రంగులు కొలిచామన్నది కాదు, ప్యానెల్ ఎంత నిలకడగా ఉందన్నది

ఓఎల్‌ఈడీ టీవీకి త్రీడీ లట్, అంటే టీవీ రంగులను సరిదిద్దే పట్టిక, చేసుకోవాలనుకునేవాళ్లు మొదట పట్టించుకునేది ప్యాచ్‌ల సంఖ్య, అంటే తెర మీద చూపి మీటర్‌తో కొలిచే రంగుల సంఖ్య. వెయ్యి రంగులు కొలవాలా, అయిదు వేలు కొలవాలా అన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. ఎల్‌సీడీ మీద ఆ ప్రశ్నకు కొంత అర్థం ఉంది. ఓఎల్‌ఈడీ దగ్గరికొచ్చేసరికి అది రెండో ప్రశ్న అవుతుంది. కొలత మొదలైనప్పుడున్న ప్యానెల్, ముగిసేటప్పటికి అదే స్థితిలో ఉందా అన్నది మొదటి ప్రశ్న. లేకపోతే ఎన్ని వేల ప్యాచ్‌లు కొలిచినా వచ్చే లట్ టీవీని సరిదిద్దదు, కొలత సమయంలో టీవీ పడిన ఒడిదుడుకులను బొమ్మలోకి ఎక్కిస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా ఒక కేసు చుట్టూ తిరుగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలంతో పాటు తెల్ల సబ్‌పిక్సెల్ కూడా ఉన్న ఓఎల్‌ఈడీ టీవీ, చీకటి గది, హెచ్‌డీఆర్ కాని మామూలు ఎస్‌డీఆర్ వీడియో. లక్ష్యం హెచ్‌డీ వీడియో ప్రమాణమైన రెక్ 709 రంగులు, పగటి వెలుగు ఛాయ ఉన్న డీ65 తెలుపు, సిగ్నల్‌ను వెలుగుగా మార్చే వక్రానికి 2.4 గామా, తెలుపు వెలుగు 100 నిట్లు. చీకటి గది మాస్టరింగ్ మానిటర్ల కోసం 2011లో వచ్చిన బీటీ.1886 ప్రమాణం నలుపు స్థాయిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఓఎల్‌ఈడీలో నలుపు దాదాపు సున్నా కాబట్టి ఆ సూత్రం చివరికి మామూలు 2.4 వక్రంగానే మిగులుతుంది. అంటే 50 శాతం గ్రే దగ్గర 19 నిట్లు, 5 శాతం దగ్గర 0.075 నిట్లు రావాలి.

లట్ చేసే పని

త్రీడీ లట్ అంటే ఒక ఘనం లాంటి పట్టిక. ఒక అంచు మీద ఎరుపు, ఇంకో అంచు మీద ఆకుపచ్చ, మూడో అంచు మీద నీలం సిగ్నల్ స్థాయిలు ఉంటాయి. ఒక్కో అంచుకు 17 మెట్లు ఉంటే మొత్తం 4,913 గళ్లు, 33 మెట్లు ఉంటే 35,937 గళ్లు. ప్రతి గడిలోనూ "ఈ రంగు వస్తే ప్యానెల్‌కు ఈ మూడు అంకెలు పంపు" అని రాసి ఉంటుంది. గళ్లకు మధ్యలో పడే రంగులకు చుట్టుపక్కల గళ్ల నుంచి లెక్కగట్టి విలువ తీస్తారు.

ఒక గడిని దగ్గరగా చూద్దాం. ఓఎల్‌ఈడీ ప్యానెల్ సహజంగా చూపగలిగే రంగుల పరిధి రెక్ 709 కన్నా పెద్దది, డిజిటల్ సినిమా రంగుల పరిధి అయిన పీ3కి చాలా దగ్గరగా ఉంటుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి అది కచ్చితంగా పీ3యే అనుకుందాం. రెక్ 709లోని పూర్తి ఎరుపును పీ3 ప్యానెల్ మీద చూపాలంటే కాంతి పరంగా 0.8225 ఎరుపు, 0.0332 ఆకుపచ్చ, 0.0171 నీలం కలపాలి. వాటిని 2.4 గామాతో సిగ్నల్‌లోకి మార్చితే 0.9218, 0.2420, 0.1835 వస్తాయి. ప్యానెల్ ఎరుపు మరీ గాఢంగా ఉంది కాబట్టి దాన్ని కొంచెం తగ్గించి, కాస్త ఆకుపచ్చ, కాస్త నీలం కలిపి 709 ఎరుపు దగ్గరికి లాక్కొస్తున్నాం. లట్‌లో పూర్తి ఎరుపు గడిలో ఉండేవి ఆ మూడు అంకెలే.

ప్యానెల్ ఇంత బుద్ధిగా నడిస్తే లట్ అక్కర్లేదు. మూడు వరుసలు, మూడు నిలువుల మ్యాట్రిక్స్ ఒక్కటి చాలు. నిజమైన ప్యానెల్‌లో ఎరుపు చానెల్ వెలిగినప్పుడు ఆకుపచ్చ ప్రవర్తన మారొచ్చు. గాఢత సగం ఉన్నప్పుడు రంగు ఛాయ పక్కకు జరగొచ్చు. తెల్ల సబ్‌పిక్సెల్ ఎంత సాయం చేస్తోందన్నది రంగు రంగుకూ వేరుగా ఉండొచ్చు. మ్యాట్రిక్స్‌కు అందని ఈ వంకరలను గడి గడికీ సరిచేయడానికే త్రీడీ లట్ కావాలి.

కొలత మొదలుపెట్టే ముందు

టీవీలో సినిమా లేదా ఫిల్మ్‌మేకర్ లాంటి మోడ్ ఎంచుకుని, డైనమిక్ కాంట్రాస్ట్, ఎనర్జీ సేవింగ్, గది వెలుగును బట్టి మారే బ్రైట్‌నెస్, నాయిస్ రిడక్షన్, మోషన్ సెట్టింగులు అన్నీ ఆపేయాలి. కలర్ గ్యామట్‌ను ప్యానెల్ సహజ పరిధికి వదలాలి. ఇవి అందరూ చేసేవే. వీటికన్నా ఎక్కువగా మర్చిపోయేది పాత లట్. టీవీ లోపలే లట్ పెట్టుకునే సెట్లలో, ఉదాహరణకు 2018 నుంచి వచ్చిన ఎల్‌జీ ఓఎల్‌ఈడీల్లో, ముందు ఉన్న వన్‌డీ, త్రీడీ లట్‌లను తీసేసి ఏ మార్పూ చేయని యూనిటీ లట్ ఎక్కించాకే కొలవాలి. అది మర్చిపోతే సరిదిద్దిన దాని మీద మళ్లీ సరిదిద్దడం అవుతుంది. పట్టుకోవడం తేలికే. పూర్తి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోసారి కొలిచి చూస్తే, గ్యామట్‌ను సహజ పరిధికి వదిలినా అవి 709 బిందువుల దగ్గరే కనబడతాయి. రంగుల పటంలో ఎరుపు x 0.640, y 0.330 దగ్గర అచ్చంగా కూర్చుంటే పాత లట్ ఇంకా పనిచేస్తోందని అనుమానించాలి. పాతది లేకుంటే ఆ బిందువు ఇంకా గాఢమైన వైపు ఉంటుంది.

తరువాత సిగ్నల్ స్థాయిలు. ప్యాచ్‌లను టీవీకి పంపే ప్యాటర్న్ జనరేటర్ ఏదైనా కావచ్చు, ప్రత్యేకంగా అమ్మే పెట్టె అయినా, రాస్ప్‌బెర్రీ పై మీద నడిచే జనరేటర్ అయినా. అది పంపే అంకె అక్షరాలా అదే అంకెగా టీవీకి చేరాలి. వీడియో సంప్రదాయంలో నలుపు 16, తెలుపు 235. జనరేటర్ 16 నుంచి 235 వరకు పంపుతుంటే టీవీ 0 నుంచి 255 అనుకుంటే, నలుపు ప్యాచ్ ఆరిపోకుండా లీలగా వెలుగుతుంది. ఎల్‌సీడీలో ఇది బ్యాక్‌లైట్ వెలుగులో కలిసిపోయి తప్పించుకుంటుంది కానీ, ఓఎల్‌ఈడీలో చీకటి గదిలో వెంటనే కంటికి తగులుతుంది. దీనికి తిరగబడిన తప్పులో అటు చివర తెలుపు నొక్కుకుపోతుంది. 235, 245, 255 మూడూ కొలిస్తే ఒకే వెలుగు వస్తుంది, ఇటు చివర ముదురు గ్రేలు నలుపులో కలిసిపోతాయి. లట్ మొదలుపెట్టే ముందు ఈ రెండు పరీక్షలకు అయిదు నిమిషాలు పెడితే చాలు. ఇక్కడ తప్పు జరిగితే తరువాతి గంటల పనంతా వృథా.

తెలుపు వెలుగును 100 నిట్ల దగ్గర కాకుండా 103, 105 నిట్ల దగ్గర పెట్టుకోవడం మంచిది. లట్ తగ్గించగలదు కానీ పెంచలేదు. పూర్తి తెలుపు దగ్గర మూడు చానెళ్లూ పైకప్పుకు తగిలి ఉంటాయి. తెలుపులో నీలం ఎక్కువుంటే డీ65కి తేవడానికి నీలాన్ని కిందికి దించడమే దారి. అలా దించేసరికి వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదలకు ముందే చోటు ఉంచాలి.

మీటర్‌ను ఎంతవరకు నమ్మాలి

కలరిమీటర్‌లో ఉండేవి మూడు ఫిల్టర్లు. 1931లో సీఐఈ నిర్ణయించిన ప్రామాణిక కంటి స్పందనను అవి దాదాపుగా అనుకరిస్తాయి. ఆ "దాదాపు"లో ఉన్న తేడా ఏ వెలుగును కొలుస్తున్నామన్న దాన్ని బట్టి మారుతుంది. ఎల్‌సీడీ బ్యాక్‌లైట్ వర్ణపటానికి సరిపోయేలా అమర్చిన మీటర్, తెల్ల సబ్‌పిక్సెల్ ఓఎల్‌ఈడీ వర్ణపటం మీద అదే కచ్చితత్వం చూపదు. తెలుపులోనే స్పష్టమైన ఛాయ తేడా రావచ్చు.

దీనికి రెండు దారులున్నాయి. ఐ1 డిస్‌ప్లే ప్రో రకం మీటర్లు తమ ఫిల్టర్ల స్పందనను లోపలే దాచుకుంటాయి కాబట్టి, ఆ రకం ప్యానెల్ వర్ణపట ఫైల్‌ను ఇస్తే సాఫ్ట్‌వేర్ సవరణ లెక్కగడుతుంది. రెండో దారి ఇంకా మంచిది. స్పెక్ట్రోమీటర్‌తో అదే టీవీ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు కొలిచి, అవే ప్యాచ్‌లను కలరిమీటర్‌తోనూ కొలిచి, ఒకదాన్ని ఇంకోదానికి సరిపెట్టే మ్యాట్రిక్స్ తయారుచేయడం. స్పెక్ట్రోమీటర్ వెలుగులో నిజం చెబుతుంది కానీ చీకటి రంగుల్లో నెమ్మది, తడబాటు ఎక్కువ. కలరిమీటర్ వేగంగా, చీకట్లోనూ నిలకడగా కొలుస్తుంది. అందుకే నాలుగు ప్యాచ్‌లకు మొదటిదాన్ని, వేల ప్యాచ్‌లకు రెండోదాన్ని వాడతారు.

ఇందులో ఒక లోతైన ఇబ్బంది ఉంది. చివర్లో లట్ ఎలా వచ్చిందో అదే కలరిమీటర్‌తో సరిచూస్తారు. మీటర్ తెలుపును కాస్త ఆకుపచ్చగా చూస్తుంటే, లట్ కూడా ఆ తప్పును సర్దేలా తయారవుతుంది. సరిచూసేటప్పుడు అదే మీటర్ అంతా బాగుందని చెబుతుంది. రంగు తేడాను కొలిచే డెల్టా ఈ 0.5 అని వచ్చిన నివేదిక మీటర్ తన మాట మీద తాను నిలబడిందని మాత్రమే రుజువు చేస్తుంది. మీటర్ సవరణ తప్పైతే ఆ నివేదికలో ఎక్కడా కనబడదు.

ఇంకో సంగతి. మీటర్ అంతా సరిగ్గా ఉన్నా, ఓఎల్‌ఈడీ, ఎల్‌సీడీ రెండూ x 0.3127, y 0.3290 చూపిస్తున్నా, పక్కపక్కన పెడితే రెండు తెలుపులూ ఒకేలా కనబడకపోవచ్చు. నీలం వైపు తక్కువ తరంగదైర్ఘ్యాల్లో 1931 ప్రామాణిక స్పందన నిజమైన కంటికి పూర్తిగా సరిపోదు. ఓఎల్‌ఈడీ, ఎల్‌సీడీ వర్ణపటాల మధ్య తేడా అక్కడే బయటపడుతుంది. రిఫరెన్స్ మానిటర్‌తో కలిసి పనిచేసే చోట తెలుపును కంటితో జత చేసి, ఆ కొత్త x, y విలువలనే లట్ లక్ష్యంగా పెట్టుకోవడం సరైన పద్ధతి. ఇంట్లో ఒంటరిగా చూసే టీవీకి ప్రామాణిక విలువలతో ఉండిపోవడమే నయం. కంటి సర్దుబాటు ఆ చిన్న తేడాను తొందరగా మింగేస్తుంది.

డ్రిఫ్ట్ అనే అసలు సమస్య

ఇప్పుడు మొదటి మాటకు వద్దాం. 17 మెట్ల ఘనంలో ప్రతి గడినీ కొలవాలంటే 4,913 ప్యాచ్‌లు. ఒక్కోదానికి సగటున 5 సెకన్లు వేసుకున్నా దాదాపు 6 గంటల 50 నిమిషాలు. చీకటి ప్యాచ్‌లకు మీటర్ ఎక్కువసేపు వెలుగును పోగుచేసుకోవాలి కాబట్టి నిజంగా పట్టేది ఇంకా ఎక్కువే. ఆ గంటల్లో ప్యానెల్ వేడెక్కుతుంది, మీటర్ వేడెక్కుతుంది, టీవీలోని రక్షణ సర్క్యూట్లు తమ పని తాము చేస్తాయి.

ఈ రక్షణల్లో మొదటిది ఏబీఎల్. తెర మీద మొత్తం వెలుగు పెరిగితే కరెంటును అదుపు చేయడానికి టీవీ తెరను మసకబరుస్తుంది. తెరంతా తెలుపు నింపితే వచ్చే వెలుగు, చిన్న గడిలో తెలుపు చూపితే వచ్చే వెలుగు ఒకటి కాకపోవచ్చు. అందుకే ప్యాచ్‌ను తెర వైశాల్యంలో 10 శాతం ఉండే గడిలో, నల్లని నేపథ్యం మీద చూపిస్తారు. 100 నిట్ల ఎస్‌డీఆర్‌లో ఇది పెద్ద తలనొప్పి కాదు.

తలనొప్పి రెండోదానితో. బొమ్మ కదలకుండా, సగటు వెలుగు మారకుండా కొన్ని నిమిషాలు ఉంటే, తెర మీద ఏదో నిలిచిపోయిందని టీవీ అనుకుని మెల్లగా వెలుగు తగ్గిస్తూ పోతుంది. మనం చేస్తున్న పని సరిగ్గా అదే. నల్లని తెర మధ్యలో చిన్న గడి, సగటు వెలుగు ఎప్పుడూ తక్కువే. టీవీ దృష్టిలో ఇది కదలని బొమ్మ. ఒక్కసారిగా వెలుగు పడిపోతే ఎవరైనా గమనిస్తారు. ఇది నెమ్మదిగా జారుతుంది కాబట్టి మనిషి పక్కనే కూర్చున్నా తెలియదు.

దీని ప్రభావం ఎంతో ఒక లెక్కలో చూద్దాం. మొదట్లో 100 నిట్లు ఇచ్చిన తెలుపు, గంట తరువాత 94కి దిగిందనుకుందాం. ఆ సమయంలో కొలిచిన ప్రతి రంగూ ఉండాల్సిన దానికన్నా 6 శాతం తక్కువ వెలుగుతో నమోదవుతుంది. ఈ రంగు చాలా మసకగా వస్తోందని లట్ అనుకుని సిగ్నల్‌ను దాదాపు 2.6 శాతం పెంచుతుంది. 0.80 పంపాల్సిన చోట 0.82 పంపుతుంది. నిజమైన సినిమా చూసేటప్పుడు బొమ్మ కదులుతుంది, టీవీ మసకబరచదు, ఆ రంగు మాత్రం ఎక్కువ వెలుగుతో వస్తుంది. అంటే లేని లోపానికి మందు వేశాం.

ప్యాచ్‌ల వరుసను బట్టి ఈ తప్పు వేరే వేషం వేస్తుంది. ప్యాచ్‌లను ఎరుపు తరువాత ఎరుపు, నీలం తరువాత నీలం అన్నట్టు వరుసగా కొలిస్తే, జారుడు మొత్తం చివర్లో కొలిచిన రంగుల మీద పడుతుంది. లట్ నున్నగానే ఉంటుంది కానీ ఒకవైపు ఒరిగి ఉంటుంది. కలగలిపి కొలిస్తే పక్కపక్క గళ్లలో ఒకటి మొదటి నిమిషంలోది, ఇంకోటి గంట తరువాతది అవుతుంది. అప్పుడు తప్పు గరుకుగా మారుతుంది. ఆకాశం, చర్మం లాంటి నున్నని రంగు మార్పుల్లో పట్టీలు కనబడతాయి. ఈ రెండింటిలో కలగలిపిన వరుసే మేలు. తప్పు కంటికి కనబడుతుంది కాబట్టి దాన్ని పట్టుకుని మళ్లీ కొలిచే అవకాశం ఉంటుంది. ఒరిగిన లట్ ఏళ్ల తరబడి ఎవరికీ దొరక్కుండా టీవీలో ఉండిపోగలదు.

మందు మూడు భాగాలు. మొదటిది, కొలత మొదలుపెట్టే ముందు మామూలు కదిలే వీడియోతో టీవీని కనీసం 45 నిమిషాల నుంచి గంట నడపడం, మీటర్‌ను కూడా ఆ గది వేడికి అలవాటు పడనివ్వడం. మీటర్‌ను తెరకు ఆనించి వదిలేస్తే ప్యానెల్ వేడి దానికి ఎక్కుతుంది. ట్రైపాడ్ మీద కొంచెం ఎడంగా, తెరకు నిటారుగా పెడితే ఆ బెడద ఉండదు.

రెండోది, ప్యాచ్‌కూ ప్యాచ్‌కూ మధ్య, లేదా కొన్ని సెకన్లకోసారి, తెరంతా నిండే గ్రేను ఒక క్షణం చూపడం. కాలిబ్రేషన్ సాఫ్ట్‌వేర్లలో దీన్ని ప్యాటర్న్ ఇన్సర్షన్ అంటారు. సగటు వెలుగు పదే పదే మారుతుంది కాబట్టి టీవీకి కదలని బొమ్మ అన్న అనుమానం రాదు. ఒకే చోట వెలుగు నిలిచి తాత్కాలిక ముద్ర పడకుండానూ ఇది కాపాడుతుంది. ప్యాచ్ మారాక కొలత మొదలుపెట్టే ముందు ఒకటి రెండు సెకన్లు ఆగడం కూడా ఇందులో భాగమే. ప్రకాశవంతమైన ప్యాచ్ తరువాత వెంటనే చీకటి ప్యాచ్ కొలిస్తే అంకె నిలబడదు.

మూడోది, ప్రతి 20, 30 ప్యాచ్‌లకోసారి తెలుపును తిరిగి కొలిచి రాసుకోవడం. ఆ తెలుపుల వెలుగు గీస్తే సమతలంగా ఉండాలి. అది 1 శాతం లోపు ఊగితే ముందుకెళ్లొచ్చు. మెట్టు మెట్టుగా దిగుతుంటే రక్షణ సర్క్యూట్ పనిచేస్తోందన్న మాట. మొదటి అరగంటలో మాత్రమే జారి ఆ తరువాత నిలబడితే వేడెక్కడం చాలలేదు. వెలుగు కదలకుండా x, y మాత్రమే నెమ్మదిగా ఒకవైపు జరుగుతుంటే మీటర్ వేడెక్కుతోందేమో ముందు చూడాలి.

కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ తెలుపు కొలతలతో డ్రిఫ్ట్‌ను లెక్కగట్టి సరిచేస్తామంటాయి. మీటర్ వేడెక్కడం వల్ల వచ్చే నెమ్మది జారుడుకు అది పనికొస్తుంది. టీవీ కావాలని మసకబరచడం మాత్రం అన్ని రంగుల మీదా ఒకే నిష్పత్తిలో పడుతుందన్న హామీ లేదు. తెలుపు 6 శాతం తగ్గిందని ముదురు నీలాన్ని కూడా 6 శాతం పెంచి రాస్తే అది ఊహ అవుతుంది, కొలత కాదు. జారుడును సరిచేయడం కన్నా, దాని కారణాన్ని ఆపి మళ్లీ కొలవడమే దారి.

ఇన్ని కారణాల వల్లే, ఓఎల్‌ఈడీ మీద వెయ్యి చుట్టుపక్కల ప్యాచ్‌లతో గంటన్నరలో ముగిసే ప్రొఫైల్, ఏడు గంటలు నడిచిన 4,913 ప్యాచ్‌ల ప్రొఫైల్ కన్నా చాలాసార్లు మెరుగైన లట్ ఇస్తుంది. కొలిచిన రంగుల నుంచి సాఫ్ట్‌వేర్ ప్యానెల్ ప్రవర్తనకు ఒక నమూనా తయారుచేసి, మిగతా గళ్లను దాన్నుంచే నింపుతుంది. నిలకడగా ఉన్న వెయ్యి బిందువుల నుంచి వచ్చే నమూనా నున్నగా ఉంటుంది.

వన్‌డీ ముందు, త్రీడీ తరువాత

త్రీడీ లట్ అన్నీ చూసుకుంటుంది కదా, గ్రేస్కేల్ విడిగా ఎందుకు అని కొందరు అడుగుతారు. జవాబు చీకట్లో ఉంది. 17 మెట్ల లట్‌లో సున్నా తరువాతి మొదటి మెట్టు 6.25 శాతం సిగ్నల్ దగ్గర. 2.4 గామాలో అక్కడ వెలుగు 0.129 నిట్లు. ఆ కింద ఉన్న నీడలన్నింటికీ, అంటే రాత్రి దృశ్యాల్లో కథ నడిచే చోటంతటికీ, లట్‌లో ఒక్క గడి కూడా లేదు. రెండు గళ్ల మధ్య గీసిన సరళరేఖే దిక్కు. 33 మెట్లయినా మొదటి మెట్టు 0.024 నిట్ల దగ్గరే. ఓఎల్‌ఈడీ ప్యానెల్ ఎక్కువగా అల్లరి చేసేది కూడా అక్కడే, నలుపు నుంచి అప్పుడే బయటపడే చోట.

ఆ పనికి వన్‌డీ లట్ కావాలి. ప్రతి చానెల్‌కూ విడిగా, వందల మెట్లతో ఉంటుంది కాబట్టి చీకట్లోనూ సన్నగా సరిచేయగలదు. ముందు దానితో గ్రేస్కేల్‌ను డీ65, 2.4 మీదికి తెచ్చి, ఆ సరిచేసిన ప్యానెల్‌నే త్రీడీ కోసం కొలవాలి. అప్పుడు త్రీడీ లట్‌కు మిగిలే పని రంగులది మాత్రమే, గ్రే గీత మీద ఉన్న గళ్లు దాదాపు కదలకుండా ఉంటాయి. టీవీలో వన్‌డీ లట్ సదుపాయం లేకపోతే రెండు పాయింట్ల వైట్ బ్యాలెన్స్‌తో దగ్గరికి తెచ్చి వదిలేయడం మంచిది. మెనూలోని 20 పాయింట్ల సర్దుబాట్లను ఒక్కోటీ గట్టిగా లాగితే గ్రే వక్రంలో మెట్లు పడతాయి, వాటిని తరువాత త్రీడీ లట్ కూడా నున్నగా చేయలేదు.

గ్రేస్కేల్ కుదిరాక త్రీడీ కొలతకు ముందు ఇంకో చిన్న పరీక్ష ఉంది. పూర్తి ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను విడివిడిగా కొలిచి కూడాలి. మొత్తం తెలుపు వెలుగుకు సమానంగా రావాలి. మూడూ కలిపి 99 నిట్లు, తెలుపు 100 వస్తే ప్యానెల్ క్రమంగా నడుస్తోంది. కూడితే 80 మాత్రమే వచ్చిందంటే మిగతా 20 నిట్లను తెల్ల సబ్‌పిక్సెల్ అదనంగా పోస్తోంది. అప్పుడు గాఢమైన రంగులు తెలుపుతో పోలిస్తే మసకగా ఉంటాయి. వాటిని పైకి లేపడానికి ప్యానెల్‌లో చోటు లేదు, తెలుపును దించడం ఒక్కటే మిగిలిన దారి. 100 నిట్ల దగ్గర సాధారణంగా ఈ సమస్య రాదు. వెలుగు గది కోసం తెలుపును బాగా పెంచినప్పుడు, మెరుపు ఎక్కువుండే మోడ్‌లలో వస్తుంది. హెచ్‌డీఆర్‌లో ఇది మామూలు స్థితి. పైగా అక్కడ బొమ్మ వెలుగును తెర సామర్థ్యానికి కుదించే టోన్ మ్యాపింగ్, ఏబీఎల్ రెండూ బొమ్మను బట్టి మారుతుంటాయి. ఈ పద్ధతిలో చేసిన ఎస్‌డీఆర్ లట్‌ను హెచ్‌డీఆర్‌కు పెట్టకూడదనేది అందుకే. తెల్ల సబ్‌పిక్సెల్ లేని క్యూడీ ఓఎల్‌ఈడీ ప్యానెల్స్‌కు ఈ కూడిక సమస్య లేదు కానీ, వాటి వర్ణపటం వేరు కాబట్టి మీటర్ సవరణ వేరేది కావాలి.

ఫైల్‌లోనూ పప్పులో కాలేయొచ్చు

లట్ తయారయ్యాక అది ఒక టెక్స్ట్ ఫైల్. ఎక్కువగా వాడే రూపం ఇలా ఉంటుంది:

```
LUT_3D_SIZE 17
0.000000 0.000000 0.000000
```

ఈ రూపంలో ఎరుపు అందరికన్నా త్వరగా మారుతుంది. అంటే మొదటి 17 అంకెల వరుసలు, వచ్చే సిగ్నల్‌లో ఆకుపచ్చ, నీలం సున్నాలుగా ఉండగా ఎరుపు సున్నా నుంచి పూర్తి వరకు వెళ్లే గళ్లవి. మన ఉదాహరణలో 17వ వరుస ఇది:

```
0.921800 0.242000 0.183500
```

ఏదైనా పరికరం ఇదే ఫైల్‌ను నీలం త్వరగా మారుతుందనుకుని చదివితే, ఆ 17వ వరుసను పూర్తి నీలం గడిగా తీసుకుంటుంది. అప్పుడు నీలం ఆకాశం ఎర్రగా కనబడుతుంది. ఇది ఎవరికైనా తెలిసిపోయే తప్పు. తెలియనిది స్థాయిల తప్పు. 0 నుంచి 1 వరకు పూర్తి స్థాయిలో చేసిన లట్‌ను, 16 నుంచి 235 స్థాయిలో పనిచేసే పెట్టెలో పెడితే రంగులన్నీ కొద్దికొద్దిగా తప్పుతాయి, ఏదీ కొట్టొచ్చినట్టు కనబడదు. అందుకే అసలు లట్ కన్నా ముందు యూనిటీ లట్ ఎక్కించి, ఎక్కించక ముందూ తరువాతా అదే గ్రే, అదే ఎరుపు కొలవాలి. రెండు కొలతలూ ఒకటైతేనే దారి శుభ్రంగా ఉన్నట్టు.

సరిచూడటం

ప్రొఫైల్‌కు వాడిన ప్యాచ్‌లతోనే సరిచూస్తే ఫలితం ఉన్నదానికన్నా అందంగా వస్తుంది. నమూనా ఆ బిందువుల మీదే తయారైంది కదా. ఆ జాబితాలో లేని రంగులు కావాలి. చర్మపు ఛాయలు, ఆకు పచ్చలు, సగం గాఢతలో ఉన్న నీలాలు, 2 నుంచి 10 శాతం మధ్య గ్రేలు. డెల్టా ఈ 2000 లెక్కలో సగటు 1 లోపు ఉండి, ఎక్కడా 3 దాటకపోతే ఆ లట్ బాగుంది. సగటు బాగుండి ఒకటి రెండు రంగులు మాత్రమే 4, 5 చూపిస్తే వాటినే విడిగా మళ్లీ కొలవాలి. రెండోసారి అంకె మారితే తప్పు ఆ కొలతది. మారకపోతే తప్పు లట్‌ది, లేదా ప్యానెల్ ఆ రంగును ఇవ్వలేకపోతోంది.

అంకెల తరువాత కన్ను. నలుపు నుంచి తెలుపుకు, నలుపు నుంచి ప్రతి రంగుకూ నున్నగా మారే ర్యాంప్‌ను చీకటి గదిలో చూడాలి. మధ్యలో పింక్, ఆకుపచ్చ ఛాయలు ఒకదాని తరువాత ఒకటి దోబూచులాడుతుంటే, చీకటి ప్యాచ్‌ల కొలతలో ఉన్న గరుకు లట్‌లోకి దిగిందని అర్థం. నివేదికలో డెల్టా ఈ ఎంత తక్కువున్నా సరే, అలాంటి లట్‌ను ఉంచకూడదు. చీకటి ప్యాచ్‌లను ఎక్కువ సమయంతో, రెండు మూడుసార్లు కొలిచి సగటు తీసి మళ్లీ చేయాలి. ఇంకో మార్గం, 10 శాతం కింద త్రీడీ సవరణను క్రమంగా సున్నాకు తగ్గించి, ఆ భాగాన్ని వన్‌డీ లట్‌కు వదిలేయడం. సగటు డెల్టా ఈ కొంచెం పెరుగుతుంది, బొమ్మ మాత్రం బాగుపడుతుంది.

ఇలా తయారైన లట్ ఆ ఒక్క ప్యానెల్‌ది, ఆ ఒక్క బ్రైట్‌నెస్ సెట్టింగుది. అదే మోడల్ వేరే టీవీకి ఎక్కిస్తే గ్యామట్ పరంగా దగ్గరగా రావచ్చు కానీ, గ్రే ఛాయలో, చీకట్లో తేడాలు మిగులుతాయి. ప్యానెల్ వాడకంతో పాటు దాని తెలుపు కూడా మెల్లగా కదులుతుంది. కాబట్టి లట్ చేసిన రోజునే ఒక పది రంగుల కొలతలు, మీటర్ సవరణ ఫైల్, టీవీ సెట్టింగులు పక్కన భద్రపరచుకోవాలి. కొన్ని వందల గంటలు నడిచాక అదే మీటర్‌తో అవే పది రంగులు కొలిస్తే, గ్రే మాత్రమే జరిగిందా, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ప్రైమరీలు కూడా జరిగాయా అన్నది తేలుతుంది. గ్రే ఒక్కటే అయితే వన్‌డీ మళ్లీ చేసి త్రీడీని అలాగే ఉంచొచ్చు. ప్రైమరీలు కదిలితే గంటన్నర కొలత మళ్లీ చేయక తప్పదు.